విజిల్ బ్లోయర్ విధానం: అపోహలు – వాస్తవాలు

అపోహ: సంస్థలో జరిగే అక్రమాన్ని లోపలివారే బయటపెట్టేందుకు ఏర్పరచే విజిల్ బ్లోయర్ విధానం పెద్ద కంపెనీలకే అవసరం.

వాస్తవం: 2013 నాటి కంపెనీల చట్టం 177వ సెక్షను, దాని కింద 2014లో వచ్చిన నియమాల ప్రకారం, స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలే కాక ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవి, బ్యాంకుల నుంచీ ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచీ 50 కోట్ల రూపాయలకు మించి అప్పు తెచ్చుకున్నవి కూడా ‘విజిల్ మెకానిజం’ ఏర్పాటు చేయవలసిందే. (తెలుగు లిపిలో తేడా తెలియదు గాని, ఈ రెండో ‘విజిల్’ ఈల కాదు, నిఘా.) ఆడిట్ కమిటీ లేని కంపెనీలో ఈ బాధ్యతను బోర్డు ఒక డైరెక్టరుకు అప్పగించాలి.

అపోహ: పేరు లేని ఫిర్యాదును చదవనక్కరలేదు.

వాస్తవం: అనామక ఫిర్యాదులను తోసిపుచ్చే 2014 నాటి విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం ప్రభుత్వోద్యోగుల అక్రమాలకు సంబంధించినది, ప్రైవేటు సంస్థ తన విధానంలో వాటిని నిస్సంకోచంగా స్వీకరించవచ్చు. చూడవలసింది సంతకాన్ని కాదు, తేదీ, బిల్లు సంఖ్య వంటి సరిచూడదగిన వివరం ఉన్నదా లేదా అన్నదే.

అపోహ: పేరు దాచితే రక్షణ కల్పించినట్టే.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. రెండు వందల మంది పనిచేసే ఒక కర్మాగారాన్ని ఊహించుకుంటే, అక్కడ అట్టపెట్టెల సరఫరాదారు తక్కువ సరుకు పంపి పూర్తి బిల్లు వసూలు చేస్తున్నాడనీ, కొనుగోళ్ల మేనేజరుకు అది తెలుసుననీ స్టోర్సు గుమాస్తా ఫిర్యాదు చేశాడనుకోవచ్చు. సరుకు రాక రిజిస్టరును చూసేది ముగ్గురే కనుక, విచారణాధికారి నేరుగా ఆ ఒక్క బిల్లును అడిగిన మరుక్షణమే ఫిర్యాదుదారు ఎవరో మేనేజరు ఊహించగలడు. అందువల్ల ఫిర్యాదు మేనేజరు పై అధికారుల చేతుల్లో పడకుండా నియమిత డైరెక్టరుకే చేరాలి; ఆ సరఫరాదారుతో బంధుత్వమో వ్యాపారమో ఉంటే ఆయన కూడా తప్పుకోవాలి; అంతర్గత ఆడిటరు సరఫరాదారులందరి ఆరు నెలల బిల్లులనూ మామూలు తనిఖీ పేరుతో తెప్పించి, వాటిలో ఆ సరఫరాదారు బిల్లులను గేటు రిజిస్టరుతోనూ తూకపు చీటీలతోనూ పోల్చాలి.

ప్రతీకారం సాధారణంగా బర్తరఫు రూపంలో రాదు. బదిలీగానో, తగ్గిన వార్షిక మదింపుగానో, అందరికీ వచ్చిన ఇంక్రిమెంటు ఒక్కరికే ఆగిపోవడంగానో వస్తుంది. కాబట్టి ఫిర్యాదు తరువాత ఏడాది పాటు ఆ ఉద్యోగిపై తీసుకునే ఏ చర్యకైనా ముందుగా ఆ డైరెక్టరు అనుమతి ఉండాలనీ, కారణం చూపవలసిన భారం యాజమాన్యానిదేననీ విధానంలో రాసుకోవాలి. చట్టం ‘తగిన రక్షణ’ అని మాత్రమే అంటుంది, ఈ వివరాలు రాయదు.

అపోహ: ఆరోపణ రుజువు కాకపోతే ఫిర్యాదుదారుకు శిక్ష తప్పదు.

వాస్తవం: నియమాలు చర్యకు వీలిచ్చేది పదేపదే పసలేని ఫిర్యాదులు చేసేవారిపైనే, సదుద్దేశంతో పొరబడినవారు ఆ కోవలోకి రారు.

వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ తేదీ, తీసుకున్న చర్య, ముగింపు కారణం నమోదు కావాలి. 2020 నాటి ఆడిటర్ల నివేదిక ఆదేశం వర్తించే కంపెనీల్లో, ఆ ఏడాది అందిన విజిల్ బ్లోయర్ ఫిర్యాదులను తాను పరిగణించాడో లేదో చట్టబద్ధ ఆడిటరు తన నివేదికలో చెప్పవలసి ఉంటుంది.