గుండెలో ‘టిక్’ వినిపిస్తే...

గుండె ‘లబ్–డబ్’ మధ్య కొందరిలో ‘టిక్’మని చిన్న శబ్దం వినిపిస్తుంది. అది గుండె బయటి నుంచి వస్తోందని వైద్యులు చాలాకాలం అనుకున్నారు. దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో జాన్ బార్లో బృందం ఎడమ జఠరికలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, దాని మూలం మైట్రల్ కవాటమేనని 1963లో చూపింది.

ఈ కవాటానికి రెండు పలుచని రెక్కలు, వాటిని పట్టి ఉంచే సన్నని తాళ్లు ఉంటాయి. రెక్కలు కాస్త పెద్దవైతే, జఠరిక ముడుచుకున్నప్పుడు గాలికి తెరచాప ఉబ్బినట్టు పై గదిలోకి ఉబ్బుతాయి. తాళ్లు ఒక్కసారిగా బిగుసుకున్న క్షణమే ఆ టిక్. రోగి లేచి నిలబడితే జఠరికలో రక్తం తగ్గి, ఆ శబ్దం ముందే వినబడుతుంది. దీనినే మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ అంటారు.

తరచూ ఎదురయ్యే కేసు ఒకటి చూద్దాం. ఇరవై ఏడేళ్ల యువతికి రాత్రి పడుకోగానే గుండె ఒక్క క్షణం ఆగి, ఆ వెంటనే దబ్బుమని కొట్టుకున్నట్టు అనిపిస్తుంది. ఎకోలో రెక్క 3 మిల్లీమీటర్లు పైకి ఉబ్బింది. 2 దాటితేనే ప్రొలాప్స్ అంటారు. రెక్క మందం 5 మిల్లీమీటర్ల లోపే ఉంది. లీకు లేశమాత్రమే. రిపోర్టులో ‘ప్రొలాప్స్’ అన్న మాట చూసి ఆమె హడలిపోతుంది. నిజానికి చూడాల్సింది లీకు ఎంత అన్నది. టిక్ మాత్రమే ఉండి లీకు లేకపోతే ఆయుష్షుకు ఢోకా లేదు.

మరి ఆ దడ? 24 గంటల హోల్టర్ పరీక్షలో, ఆమె దడ వచ్చిందని రాసుకున్న సమయాల్లోనే అకాల స్పందనలు కనిపించాయి. అవి ముందుగా వచ్చేసరికి గుండె కొంచెం విరామం తీసుకుంటుంది. ఆలోగా రక్తం ఎక్కువ నిండడంతో తర్వాతి స్పందన బలంగా తాకుతుంది. ఉబ్బే రెక్కలు తాళ్లను, వాటి కింది కండరాలను లాగడం కూడా ఒక కారణం కావచ్చు. నిద్రలేమి, కాఫీ, ఆందోళన దీన్ని పెంచుతాయి. కాబట్టి ఆమెకు ముందు చెప్పాల్సింది కాఫీ తగ్గించి నిద్ర సరిచేసుకోమని. అప్పటికీ ఇబ్బంది తగ్గకపోతేనే డాక్టర్ బీటా బ్లాకర్ ఇస్తారు.

ఇది చిన్నప్పటి కీళ్లవాతంతో వచ్చే కవాట జబ్బు కాదు. అందుకే ఆ జబ్బులో ఇచ్చే పెన్సిలిన్ ఇంజెక్షన్లు దీనికి అక్కర్లేదు. పన్ను తీయించుకునే ముందు యాంటీబయాటిక్ కూడా ఇప్పుడు మామూలుగా ఇవ్వరు.

లీకు లేకపోయినా, స్వల్పంగా ఉన్నా మూడు నుంచి ఐదేళ్లకోసారి ఎకో చాలు. మధ్యస్థమైతే ఏడాది, రెండేళ్లకోసారి. తీవ్రమైతే ఆరు నెలల నుంచి ఏడాదికోసారి చూడాలి. జఠరిక సాగి బలహీనపడకముందే కవాటం బాగుచేయించుకోవాలి. స్పృహ తప్పినా, కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా మరణించినా, హోల్టర్‌లో అకాల స్పందనలు వరుసగా వస్తున్నా ఆ గడువు కోసం ఆగకుండా వెంటనే హృద్రోగ నిపుణుణ్ని కలవాలి.