కడ్డీ ఎటు తిరుగుతుంది?

ఒకచోట కీలు బిగించిన కడ్డీ మీద నాలుగైదు బలాలు ఒకేసారి పనిచేస్తున్నప్పుడు, వాటిని కూడినంత మాత్రాన అది ఎటు తిరుగుతుందో తెలియదు. బలం ఎంత, కీలుకు ఎంత దూరంలో పనిచేస్తోంది, కడ్డీతో ఎంత కోణం చేస్తోంది అన్న మూడు విషయాలూ చూడాలి. ఈ మూడూ కలిసిన రాశినే టార్క్ లేదా బలభ్రామకం అంటారు. దాని సూత్రం τ = r F sin θ. ఇందులో r కీలు నుంచి బలం పనిచేసే బిందువుకు ఉన్న దూరం, F బలం, θ కడ్డీకీ బలానికీ మధ్య కోణం. F sin θ అంటే బలంలో కడ్డీకి లంబంగా ఉన్న భాగం. కడ్డీ పొడవునా ఉన్న మిగతా భాగం కీలును లాగుతుంది లేదా నొక్కుతుంది. కడ్డీని మాత్రం తిప్పదు.

తర్వాత తేల్చవలసింది గుర్తు. గడియారం ముళ్లు తిరిగే వైపు సవ్యదిశ, దానికి ఎదురు అపసవ్యదిశ. కడ్డీని అపసవ్యదిశలో తిప్పే టార్క్‌కు ప్లస్, సవ్యదిశలో తిప్పేదానికి మైనస్ పెట్టడం పుస్తకాల్లో వాడుక. ఇది ఒప్పందమే కాబట్టి తారుమారు చేసుకున్నా ఇబ్బంది లేదు. లెక్క మధ్యలో మాత్రం మార్చకూడదు.

2 మీటర్ల పొడవు, 2 కిలోల ద్రవ్యరాశి ఉన్న ఏకరీతి కడ్డీ ఒకటి అడ్డంగా ఉందనుకుందాం. ఎడమ కొన దగ్గర కీలు ఉంది. g విలువను సుమారు 10గా తీసుకుంటే కడ్డీ బరువు 20 న్యూటన్లు. అది నడిమధ్యన, అంటే కీలుకు 1 మీటరు దూరంలో, కిందికి పనిచేస్తుంది. దాని టార్క్ −20 న్యూటన్-మీటర్లు. కీలుకు అర మీటరు దూరంలో 24 న్యూటన్ల బలం నిట్టనిలువుగా పైకి నెడుతోంది: +12. కుడి కొనను 30 న్యూటన్ల బలం పైకీ బయటికీ లాగుతూ కడ్డీతో 30 డిగ్రీల కోణం చేస్తోంది. sin 30° విలువ 0.5 కాబట్టి 2 × 30 × 0.5, అంటే +30. ఇక 1.5 మీటర్ల దగ్గర 16 న్యూటన్ల బలం కిందికి లాగుతూనే కీలు వైపు వాలి ఉంది. కడ్డీ గీతతో దానికి 30 డిగ్రీల వాలు. కీలు నుంచి బయటికి చూసే దిశతో కొలిస్తే 150 డిగ్రీలు. రెండింటి సైన్ విలువా 0.5 కావడంతో ఎలా కొలిచినా −12 వస్తుంది. కీలు కూడా కడ్డీ మీద బలం చూపిస్తుంది గానీ దాని దూరం సున్నా కాబట్టి టార్క్ సున్నా. మొత్తం కూడితే +10 న్యూటన్-మీటర్లు. కడ్డీ అపసవ్యదిశలో, అంటే కుడి కొన పైకి లేచేలా, కదలడం మొదలుపెడుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాటు సైన్ బదులు కొసైన్ వేయడం. కోణాన్ని కడ్డీతో కాక నిలువు గీతతో కొలిచి ఇచ్చినప్పుడు కొసైనే సరైనది కావడం వల్ల ఈ గందరగోళం. దీన్ని పట్టుకోవడానికి తేలిక దారి ఉంది. బలాన్ని కడ్డీ పొడవునా లాగుతున్నట్టు ఊహించి చూడాలి. అప్పుడు సూత్రం సున్నా ఇవ్వకపోతే ఎంచుకున్నది తప్పు.

రెండో పొరపాటు ఇంకా లోతైనది. పైకి నెట్టే బలానికి ప్లస్, కిందికి లాగేదానికి మైనస్ అని గుర్తుపెట్టుకోవడం. బలాలన్నీ కీలుకు కుడివైపున ఉన్నంత వరకే ఆ కొండగుర్తు పనికొస్తుంది. ఏతాన్ని చూస్తే ఇది తెలిసిపోతుంది. ఒక కొన నుంచి నీటి బాన కిందికి లాగుతుంది, రెండో పక్క మనిషి బరువూ కిందికే పనిచేస్తుంది. అయినా అవి ఏతాన్ని తిప్పే దిశలు ఎదురెదురు. అందుకే ప్రతి బలం దగ్గరా ఆగి, ఇదొక్కటే ఉంటే కడ్డీ ఎటు తిరుగుతుందని అడిగాకే గుర్తు వేయాలి.

పై కడ్డీకే కీలును ఎడమ కొన నుంచి నడిమధ్యకు మార్చి చూద్దాం. బలాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇప్పుడు బరువు కీలు గుండానే పోతుంది కాబట్టి దాని టార్క్ సున్నా. పైకి నెట్టే 24 న్యూటన్ల బలం కీలుకు ఎడమ పక్కన అర మీటరు దూరంలో పడింది. పైకి నెడుతున్నా కడ్డీని సవ్యదిశలో తిప్పుతుంది కనుక −12. కొనలోని బలానిది +15, వాలుగా కిందికి లాగే బలానిది −4. మొత్తం −1. కీలు మారేసరికి కడ్డీ తిరిగే దిశే మారిపోయింది.

ఈ అంకెలు కడ్డీ అడ్డంగా ఉన్న క్షణానికే వర్తిస్తాయి. కడ్డీ తిరిగేకొద్దీ కోణాలు మారతాయి. కీలు ఎడమ కొనలోనే ఉండి, కడ్డీ 60 డిగ్రీలు పైకి లేస్తే బరువు టార్క్ −20 నుంచి −10కి తగ్గుతుంది.