పదిహేడు కాదు, పన్నెండే

ఒక షేరు ధరలు వరుసగా ఆరు రోజులకు ముందే తెలిసిపోయాయనుకుందాం: 100, 104, 109, 98, 106, 103 రూపాయలు. ఒకసారికి ఒక్క షేరే చేతిలో ఉండాలి. ఎన్నిసార్లయినా కొని అమ్ముకోవచ్చు. ఇంతవరకే అయితే చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. 100కి కొని 109కి అమ్మితే తొమ్మిది, 98కి కొని 106కి అమ్మితే ఎనిమిది, మొత్తం పదిహేడు.

ఇప్పుడు ఒక మెలిక. అమ్మిన మర్నాడు కొనకూడదు, ఒక రోజు ఖాళీగా కూర్చోవాలి. మన షేర్ మార్కెట్లో ఇలాంటి నియమమేమీ లేదు. ఇది లెక్క కోసం పెట్టుకున్న షరతు. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకు చదివేవారికి లీట్‌కోడ్ 309వ ప్రశ్నగా ఇది బాగా పరిచయం.

షరతు రాగానే పదిహేడు చెల్లదు. మూడో రోజు 109కి అమ్మితే నాలుగో రోజు ఊరుకోవాలి, కానీ 98 వచ్చేది సరిగ్గా ఆ రోజే. అసలు జవాబు పన్నెండు. రెండో రోజే 104కి అమ్మేసి, మూడో రోజు 109ని చూస్తూ వదులుకుని, నాలుగో రోజు 98కి కొని, అయిదో రోజు 106కి అమ్మాలి. ఎక్కువ ధర కళ్లముందున్నా ముందే అమ్ముకోమనడం మనసుకు ఎక్కదు. ‘పెరిగిన ప్రతిసారీ లాభం తీసుకో’ అనే సులువు సూత్రం బోల్తా పడేది ఇక్కడే.

పోనీ అన్ని దారులూ వెతికితే? రోజుకు ‘ఏదో ఒకటి చేయి’, ‘ఊరుకో’ అని రెండే ఎంపికలనుకున్నా, ముప్పై రోజులకు 107 కోట్లకు పైగా దారులవుతాయి. అమెరికా గణితవేత్త రిచర్డ్ బెల్‌మన్ 1950లలో డైనమిక్ ప్రోగ్రామింగ్ అని పేరుపెట్టిన పద్ధతి ఇలాంటి చోటే పనికొస్తుంది. రేపటి నిర్ణయానికి గతమంతా అక్కర్లేదు, ఇవాళ ఏ స్థితిలో ఉన్నామో తెలిస్తే చాలు.

ఈ లెక్కలో రోజు ముగిసేసరికి ఉండగల స్థితులు మూడే. షేరు చేతిలో ఉంది, ఇవాళే అమ్మాం, లేదా ఖాళీగా ఉన్నాం. చేతిలో ఉండాలంటే నిన్నటి షేరునే ఉంచుకోవాలి, లేదా నిన్న ఖాళీగా ఉండి ఇవాళ కొనాలి. అమ్మాలంటే నిన్న షేరు ఉండాలి. ఖాళీగా ఉండాలంటే నిన్న ఖాళీగా ఉండాలి, లేదా నిన్న అమ్మి ఉండాలి. ‘అమ్మాం’ నుంచి ‘చేతిలో ఉంది’కి నేరుగా దారి లేదు, మధ్యలో ‘ఖాళీ’ గుండా పోవాల్సిందే. విరామం నియమమంతా ఆ లేని దారిలోనే ఉంది. స్థితులనూ వాటి మధ్య దారులనూ ఇలా గీసుకోవడాన్నే స్టేట్ మెషీన్ అంటారు.

ఒక్కో స్థితికి ఇప్పటివరకు మిగలగల గరిష్ఠ సొమ్ము రాసుకుంటూ పోతే చాలు. మొదటి రోజు షేరు కొంటే చేతిలో −100, కొనకపోతే సున్నా. మూడో రోజు ముగిసేసరికి చేతిలో ఉంటే −100, అప్పుడే అమ్మితే 9, ఖాళీ అయితే 4. ఆ నాలుగు రెండో రోజు అమ్మకం తాలూకు లాభం. నాలుగో రోజు 98కి కొనడానికి వాడాల్సింది ఆ 4నే, 9ని కాదు. 4 − 98 అంటే −94, పాత −100 కన్నా నయం. అయిదో రోజు దానికి 106 కలిస్తే 12. ఆరో రోజు 103కి అమ్మితే 9 మాత్రమే, కాబట్టి 12 అలాగే నిలుస్తుంది.

పైథాన్‌లో ఇదంతా ఇంతే:

```
hold, sold, rest = -p[0], 0, 0
for x in p[1:]:
    hold, sold, rest = max(hold, rest - x), hold + x, max(rest, sold)
print(max(sold, rest))
```

మూడింటినీ ఒకే వరుసలో మార్చడం సోకు కోసం కాదు. ఒకదాని తర్వాత ఒకటిగా రాస్తే, `rest`కి నిన్నటి `sold` బదులు ఇవాళ్టిది చేరుతుంది. అమ్మిన రోజే ఖాళీ అయిపోయినట్టు లెక్క పడి, విరామం చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. ప్రోగ్రాం ఆగదు, తప్పు చూపదు. జవాబు 12కి బదులు 17 వచ్చిందంటే దొంగ దొరికినట్టే. `hold`ని సున్నాతో మొదలుపెట్టడం ఇంకో పొరపాటు. అప్పుడు మొదటి షేరు ఉచితంగా వచ్చినట్టవుతుంది, లాభం వంద దాటిపోతుంది.

రేపటి ధర తెలియని అసలు మార్కెట్లో ఇది కొనుగోలు సలహా ఇవ్వలేదు. గడిచిన ధరల మీద గరిష్ఠంగా ఎంత వచ్చి ఉండేదో మాత్రమే చెబుతుంది. షరతులు మారితే మాత్రం తేలిగ్గా సర్దుకుంటుంది. అమ్మిన ప్రతిసారీ అయిదు రూపాయల రుసుము ఉందంటే `hold + x` బదులు `hold + x - 5` అని రాస్తే సరి. అప్పుడు పై ధరలకు జవాబు 4. రెండు బేరాలు చేస్తే పది రూపాయలు రుసుముకే పోయి రెండే మిగులుతాయి. 100కి కొని, ఇందాక వదులుకున్న ఆ 109కే అమ్మి ఊరుకోవడం మేలవుతుంది.