భరోసాకు లెక్క తోడైతేనే

బ్రాండ్లు కొనుగోలుదారును రెండు దారుల్లో ఒప్పిస్తాయి. ఒకటి ప్రేమ, భయం, గౌరవం లాంటి భావోద్వేగాలను తాకుతుంది. రెండోది ధర, ప్రయోజనం, రుజువు చూపిస్తుంది. సబ్బు అమ్మడానికి మొదటిదే చాలు. నచ్చకపోతే వచ్చే నెల ఇంకోటి కొంటారు. జీవిత బీమాలో అలా కుదరదు. పాలసీ సొమ్ము అవసరం పడేది ఏళ్ల తర్వాత, చాలాసార్లు కొన్న మనిషే లేనప్పుడు. అప్పటిదాకా అతనికి దక్కేది మనశ్శాంతి ఒక్కటే. అందుకే ఆ మనశ్శాంతికి ఆధారమేమిటో కంపెనీ చూపించాలి.

1956 సెప్టెంబర్ 1న ఏర్పడిన ఎల్ఐసీ దీనికి మంచి ఉదాహరణ. దాని చిహ్నంలో దీపం ఆరిపోకుండా రెండు చేతులు అడ్డుపెట్టి ఉంటాయి. నినాదం భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలోది, నమ్ముకున్నవారి యోగక్షేమాలు తానే చూసుకుంటానన్న అభయం. ఇదంతా మనసుకు. ఎల్ఐసీ చట్టంలోని 37వ సెక్షన్ పాలసీ సొమ్ముకు, ప్రకటించిన బోనస్‌కు కేంద్ర ప్రభుత్వ హామీ ఇస్తుంది. ఇది బుద్ధికి. దీపం బొమ్మకు బలం ఈ సెక్షన్ నుంచే వస్తుంది.

ప్రైవేటు కంపెనీకి అలాంటి హామీ ఉండదు. అది లెక్కతోనే నమ్మకం సంపాదించాలి. టర్మ్ పాలసీనే తీసుకుందాం. ‘మీరు లేకున్నా పాప చదువు ఆగదు’ అన్న ప్రకటన తండ్రిని కదిలిస్తుంది. కానీ ఎంత మొత్తానికి తీసుకోవాలో చెప్పదు. ఇంటి ఖర్చు నెలకు 35 వేలు, గృహరుణం 20 లక్షలు అనుకుందాం. కోటి రూపాయల పాలసీలో అప్పు తీరగా 80 లక్షలు మిగులుతాయి. ఏటా 6 శాతం వడ్డీ వస్తే నెలకు 40 వేలు. ఇప్పటి ఖర్చుకు సరిపోతుంది. ధరలు పెరిగేకొద్దీ చాలదు, అసలును తాకక తప్పదు. ఈ పరిమితిని కూడా చెప్పే కంపెనీ మాటనే ఆ తండ్రి నమ్ముతాడు. వరుస ఇలాగే ఉండాలి: ముందు పాప, వెంటనే లెక్క, ఆ తర్వాత క్లెయిమ్ ఎలా చేయాలో.

భయం ఒక్కటే చూపి అమ్మిన పాలసీల బండారం పదమూడో నెలలో బయటపడుతుంది. మొదటి ఏడాది ప్రీమియం కట్టినవారిలో ఎందరు రెండో ఏడాదీ కట్టారో ‘పెర్సిస్టెన్సీ’ నిష్పత్తి చూపిస్తుంది. అది పడిపోతోందంటే అవసరమో స్తోమతో చూడకుండా అమ్మారని అనుమానించాలి. క్లెయిమ్ పరిష్కార శాతాన్ని పెద్ద అక్షరాల్లో వేయడమూ చాలదు. పాలసీల సంఖ్యలో ఆ శాతం ఎక్కువగా ఉండి, సొమ్ములో తక్కువగా ఉందంటే పెద్ద క్లెయిములే ఎక్కువగా ఆగాయని అర్థం. నిజాయితీ గల ప్రకటన రెండూ వేస్తుంది.

అసలు దెబ్బ మాత్రం ప్రపోజల్ ఫారంలో తగులుతుంది. షుగర్, బీపీ ఉన్నాయని రాస్తే ప్రీమియం పెరుగుతుందని ఏజెంటు ఆ గడులు ‘లేదు’ అని నింపేస్తాడు. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక పాలసీ చెల్లుబాటును ప్రశ్నించలేరు. ఆలోపు మరణిస్తే మాత్రం దాచిన జబ్బు కారణంగా క్లెయిమ్ తిరస్కరించవచ్చు. ప్రకటన ఎంత కదిలించినా సరే, పాలసీ పత్రం చేతికొచ్చాక రద్దు చేసుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా ఆరోగ్య వివరాల పేజీని స్వయంగా చదివి, తప్పుంటే కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి.