ఫ్లాంజర్ 'వూష్' వెనక ఉన్నది ఒక చిన్న డిలేనే!

మ్యూజిక్ యాప్స్‌లో ఎఫెక్ట్స్ లిస్ట్ తెరిస్తే ఫ్లాంజర్, కోరస్ చాలాసార్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి జెట్ విమానంలా 'వూష్' అంటుంది, ఇంకోటి ఒక్క గొంతును ఇద్దరు పాడుతున్నట్టు చేస్తుంది. కోడ్‌లో చూస్తే మాత్రం రెండూ దాదాపు ఒకటే. సౌండ్‌ని బఫర్‌లో దాచి, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా తీసి, ఒరిజినల్‌తో కలపడం.

ఆలస్యం 1 మిల్లీసెకను అనుకుందాం. 500 హెర్ట్జ్ అల ఒక చుట్టు తిరగడానికి 2 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే కాపీ సరిగ్గా సగం చుట్టు వెనకబడుతుంది. ఒరిజినల్ పైకి లేచినప్పుడు ఇది కిందికి దిగుతుంది, రెండూ కలిస్తే సున్నా. 1500, 2500 హెర్ట్జ్ దగ్గరా ఇదే కథ. 1000, 2000 దగ్గర మాత్రం రెండూ కలిసి పెరుగుతాయి. గ్రాఫ్ గీస్తే దువ్వెన పళ్లలా ఉంటుంది, అందుకే కోంబ్ ఫిల్టర్ అన్నారు.

ఈ దువ్వెన కదలకుండా ఉంటే సౌండ్ డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుందంతే. ఆలస్యాన్ని మెల్లగా మారుస్తూ పోతేనే 'వూష్' వస్తుంది. 48000 శాంపిల్ రేటులో నేను రాసే వెర్షన్ ఇది:

```
d = 72 + 48*sin(2*pi*0.25*t)
i = floor(d)
f = d - i
y = (1-f)*buf[n-i] + f*buf[n-i-1]
out = 0.5*(x + y)
```

ఇక్కడ ఆలస్యం 24 నుంచి 120 శాంపిల్స్ దాకా, అంటే 0.5 నుంచి 2.5 మిల్లీసెకన్ల దాకా ఊగుతుంది. దాంతో మొదటి గుంట 1000 నుంచి 200 హెర్ట్జ్ దాకా దిగి, మళ్లీ పైకొస్తుంది. ఒక రౌండుకి 4 సెకన్లు.

నాలుగో లైను చాలా ముఖ్యం. `d` ఎక్కువసార్లు పూర్ణసంఖ్య కాదు. దాన్ని రౌండ్ చేసేస్తే ఆలస్యం మెట్లు మెట్లుగా దూకి, స్వీప్‌లో చిటపటలు వినిపిస్తాయి. అందుకే పక్కపక్క శాంపిల్స్ రెండింటి మధ్య విలువ తీసుకోవాలి.

మరి కోరస్? ఆలస్యాన్ని 20 మిల్లీసెకన్లకు పెంచండి. గుంటలు 50 హెర్ట్జ్‌కి ఒకటి చొప్పున దగ్గరైపోతాయి, చెవి వాటి కదలికను విడిగా పట్టుకోలేదు. బదులుగా ఆలస్యం మారుతున్నప్పుడు కాపీ శ్రుతి కొద్దిగా ఊగడం వినిపిస్తుంది. సెకనుకి ఒకసారి, అటూ ఇటూ 2 మిల్లీసెకన్లు ఊపితే శ్రుతి గరిష్ఠంగా 1.26 శాతం మారుతుంది. సెమీటోన్‌లో ఐదో వంతు అన్నమాట. రెండో మనిషి పాడుతున్నట్టు అనిపించేది ఈ తేడా వల్లే.

మీ యాప్‌లో చెక్ చేయాలంటే వైట్ నాయిస్ ప్లే చేసి ఫ్లాంజర్ ఆన్ చేయండి. స్పెక్ట్రోగ్రామ్‌లో నల్లటి వంపు గీతలు కదలాలి. ఇప్పుడు మిక్స్‌ని 100 శాతం వెట్‌కి తిప్పండి. గీతలు మాయం! ఒరిజినల్ లేకపోతే కొట్టేసుకోవడానికి జత ఉండదు. ఫీడ్‌బ్యాక్ కూడా సున్నా అయితే మిగిలేది శ్రుతి ఊగే వైబ్రాటో మాత్రమే.