లోన్ మూసేముందు రాయాల్సిన ఉత్తరం

ఇంటి లోన్‌ను గడువుకు ముందే తీర్చేద్దామనుకునేవారు మొదట చూసేది బ్యాంకు యాప్‌లో కనిపించే బాకీ. ఆ మొత్తం కట్టేస్తే పని అయిపోయిందనుకుంటారు. కానీ అక్కడ కనిపించేది చాలాసార్లు మిగిలిన అసలు మాత్రమే. చివరి ఈఎంఐ తర్వాత రోజురోజుకూ పెరిగిన వడ్డీ, ఎప్పుడో చెక్కు తిరిగొచ్చినప్పుడు వేసిన ఛార్జీ వంటివి అందులో ఉండకపోవచ్చు. లెక్కలో కొన్ని వందలు తగ్గినా లోన్ ఖాతా మూతపడదు. ఆ చిన్న బాకీ మీదే వడ్డీ నడుస్తుంది, సిబిల్ రిపోర్టులో లోన్ ఇంకా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే ముందుగా బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తీసుకోవాలి. ఫలానా తేదీన ఎంత కడితే ఖాతా పూర్తిగా మూతపడుతుందో చెప్పే కాగితం అది.

ఒక ఉదాహరణ చూద్దాం. వరంగల్‌లో ఒక ఉపాధ్యాయురాలికి 5వ తేదీన ఈఎంఐ కట్ అయ్యాక రూ. 12,00,000 అసలు మిగిలిందనుకోండి. వడ్డీ ఏడాదికి 9 శాతం. రోజు వడ్డీ సుమారు రూ. 296. ఆమె 20వ తేదీన మూసేయాలనుకుంటే 15 రోజుల వడ్డీ రూ. 4,438 కలిపి రూ. 12,04,438 కట్టాలి. అదే డబ్బు చెక్కు రూపంలో ఇచ్చి, అది 23న జమయితే మరో మూడు రోజుల వడ్డీ, అంటే సుమారు రూ. 888 తక్కువపడుతుంది. బ్యాంకు లెక్కించేది మనం చెక్కు ఇచ్చిన రోజును కాదు, డబ్బు చేతికందిన రోజును. రెండు లక్షలకు పైబడిన మొత్తాన్ని ఆర్టీజీఎస్‌లో పంపితే ఈ తేడా రాదు.

తేదీని ఎంచుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. ఈఎంఐకి ఒకటి రెండు రోజుల ముందు మూసేస్తే, అప్పటికే పంపిన ఆటో డెబిట్ ఆగక ఇంకో ఈఎంఐ కూడా పోవచ్చు. తర్వాత అది వెనక్కి రావడానికి తిరగాలి. ఈఎంఐ జమై, ఖాతాలో నమోదయ్యాక, వారం పది రోజుల తర్వాతి పనిదినాన్ని ఎంచుకోవడం మేలు.

ఉత్తరం చిన్నదిగా, ఇలా ఉంటే చాలు:

బ్రాంచి మేనేజర్ గారికి,
విషయం: గృహరుణ ఖాతా నం. ........ ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ గురించి.
అయ్యా, పై రుణాన్ని ........ తేదీన పూర్తిగా తీర్చాలనుకుంటున్నాను. ఆ తేదీకి కట్టాల్సిన మొత్తాన్ని అసలు, వడ్డీ, ఛార్జీలు విడివిడిగా చూపుతూ ఇవ్వండి. చెల్లింపు ఆలస్యమైతే రోజుకు ఎంత వడ్డీ కలపాలో, ఈ స్టేట్‌మెంట్ ఏ తేదీ వరకు చెల్లుతుందో, డబ్బు ఏ ఖాతాకు పంపాలో తెలపండి. ఈ ఇంటికి సంబంధించి నా పేర ఇన్సూరెన్స్ లోన్ వంటి అనుబంధ ఖాతాలుంటే వాటి బాకీ కూడా చూపండి. మీ దగ్గరున్న నా ఒరిజినల్ దస్తావేజుల జాబితా ఇవ్వగలరు.
ఇట్లు, ........

ఈ ఉత్తరంలో రోజు వడ్డీ అడగడమే కీలకం. అది చేతిలో ఉంటే, డబ్బు సర్దుబాటు ఆలస్యమైనా కొత్త మొత్తాన్ని మీరే లెక్కేసి, బ్యాంకుతో సరిచూసుకోవచ్చు. అనుబంధ ఖాతాల మాట కూడా మరవకండి. ఇంటి లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ ప్రీమియం కోసం ఇచ్చిన అప్పుకు వేరే నంబరు ఉంటుంది. అది తీరకపోతే దస్తావేజులు ఇవ్వకుండా ఆపే అవకాశముంది. ఉత్తరాన్ని రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో బ్రాంచి ముద్ర వేయించుకోండి.

స్టేట్‌మెంట్ వచ్చాక ఛార్జీల వరుసను చదవండి. వ్యక్తులు ఫ్లోటింగ్ వడ్డీకి తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చినందుకు ఛార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. అలాంటి లోన్‌కు ప్రీక్లోజర్ ఛార్జీ కనిపిస్తే కట్టేముందే రాతపూర్వకంగా అడగండి. స్థిర వడ్డీ లోన్ అయితే మీ ఒప్పందంలో ఏముందో చూసుకోవాలి.

డబ్బు పంపాక యూటీఆర్ నంబరు, బాకీ లేదన్న లెటర్ రెండూ తీసుకోండి. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్ దస్తావేజులు తిరిగివ్వాలనీ, బ్యాంకు వల్లే ఆలస్యమైతే రోజుకు రూ. 5,000 చొప్పున పరిహారం చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు ఆదేశం 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ 30 రోజుల లెక్క మొదలయ్యేది బాకీ పూర్తిగా తీరిన రోజు నుంచి. ఆ రోజును రుజువు చేసే కాగితాలు మీ స్టేట్‌మెంటూ, యూటీఆర్ నంబరూ. దస్తావేజులు ఇంటికి చేరేవరకు వాటిని జాగ్రత్తగా దాచుకోండి.