పిచ్ మ్యాప్‌లో చుక్కలు: బౌలర్ నిలకడ చూసేదెట్లా?

టీవీలో మాత్రమే చూసే పిచ్ మ్యాపులు ఇప్పుడు పిల్లల్ని కోచింగుకు పంపే తల్లిదండ్రుల ఫోన్లకూ వస్తున్నాయి. పిచ్ బొమ్మ, దాని మీద రంగు చుక్కలు. అది చూపించి "మీవాడికి నిలకడ లేదు" అని ఎవరైనా అంటే, పదమూడేళ్ళ పిల్లవాడు బాగా కుదిరిన బౌలింగ్ యాక్షన్‌ను కూడా మార్చేసుకుంటాడు. ఆ చుక్కలు ఏం చెప్తాయో, ఏం చెప్పవో మన ఇళ్ళలో తెలిసి ఉంటే మంచిదని ఇది రాస్తున్నాము.

ఒక్కో చుక్క ఒక్కో బంతి నేలను తాకిన చోటు. దూరాన్ని బ్యాట్స్‌మన్ వైపు వికెట్ల నుంచి కొలుస్తారు. పేస్ బౌలర్‌కు సుమారు 6 నుంచి 8 మీటర్ల మధ్య పడితే గుడ్ లెంగ్త్ అంటారు. అంతకన్నా వికెట్లకు దగ్గరగా పడితే ఫుల్, దూరంగా పడితే షార్ట్. ఇది గీత గీసిన హద్దు కాదు. బౌలర్ పొడుగు, పిచ్ మీద బంతి లేచే తీరును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

మ్యాప్ పక్కన సగటు లెంగ్త్ అని ఒక అంకె ఇస్తారు. మోసమంతా అక్కడే. లెక్క కోసం ఇద్దరు పిల్లల్ని అనుకుందాం. మొదటివాడి ఆరు బంతులు 6.6, 7.1, 6.9, 7.3, 6.8, 7.3 మీటర్ల దగ్గర పడ్డాయి. రెండోవాడివి 3.5, 10, 5, 9, 4.5, 10. ఇద్దరి సగటూ సరిగ్గా 7 మీటర్లే! మొదటివాడి బంతులన్నీ 6–8 పట్టీలో ఉన్నాయి, రెండోవాడిది ఒక్కటీ లేదు. మన టమాటా మార్కెట్‌లో ఆ రోజు సగటు ధర బాగుందంటే, తక్కువకు అమ్ముకున్న రైతుకు ఒరిగేదేముంది? కాబట్టి సగటును పక్కన పెట్టి, పట్టీలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. అదీ ఒక్క ఓవర్ చూసి కాదు, నాలుగైదు ఓవర్లు చూడాలి.

లైన్ చూసేటప్పుడు ముందు అడగవలసింది, ఆడింది కుడిచేతి వాళ్ళా, ఎడమచేతి వాళ్ళా అని. 2024 జనవరి 3న కేప్‌టౌన్‌లో మన హైదరాబాద్ సిరాజ్ 9 ఓవర్లలో 15 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు, దక్షిణాఫ్రికా 55కే ఆలౌట్. ఆ రోజు ఓపెనర్లలో మార్‌క్రమ్ కుడిచేతి వాటం, ఎల్గర్ ఎడమచేతి వాటం. ఒకరికి ఆఫ్ స్టంప్ ఉన్న వైపు ఇంకొకరికి లెగ్ స్టంప్ ఉంటుంది. ఇద్దరికీ ఆఫ్ స్టంప్ మీదే వేసిన బంతుల్ని ఒకే మ్యాప్‌లో కలిపేస్తే చుక్కలు రెండు గుంపులవుతాయి. తెలియనివారికి అది గురి తప్పినట్టు కనిపిస్తుంది. విడివిడిగా ఇచ్చిన మ్యాపులే అడిగి తీసుకోవాలి.

ఇంకో సంగతి. చుక్క బంతి పడిన చోటే గానీ చేరిన చోటు కాదు. 7 మీటర్ల దగ్గర పడిన బంతి ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే, వికెట్ల దగ్గరకు వచ్చేసరికి సుమారు 12 సెంటీమీటర్లు జరుగుతుంది. మూడు వికెట్ల మొత్తం వెడల్పే 23 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. సిరాజ్ వేసే వాబుల్ సీమ్ బంతి ఒకే చోట పడి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి వెళ్తుంది. బ్యాట్స్‌మన్‌ను ఇబ్బంది పెట్టేది అదే, కానీ పిచ్ మ్యాప్‌లో అది కనపడదు. దానికి బంతి బ్యాట్స్‌మన్‌ను దాటిన చోటు చూపించే ఇంకో బొమ్మ ఉంటుంది, తేనెపట్టులా చుక్కలు ముసిరి ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తేనే లైన్ తెలిసేది.

గుంపుకు దూరంగా పడిన ప్రతి చుక్కా తప్పు కాదు. 2025 ఆగస్టు 4న ఓవల్ టెస్టులో ఇండియా 6 పరుగులతో గెలిచింది. సిరాజ్ యార్కర్‌తో అట్కిన్సన్ వికెట్ ఎగరగొట్టి ఆట ముగించాడు. పట్టీ లెక్క ప్రకారం ఆ బంతి గుడ్ లెంగ్త్ కాదు! అందుకే పిల్లవాడిని "ఈ బంతి ఏం వేద్దామనుకున్నావు?" అని అడిగి, అనుకుని వేసినవి పక్కకు తీసి, మిగిలినవాటితోనే నిలకడ చూడాలి.

స్టేడియంలో చాలా కెమెరాలు కలిసి బంతిని పట్టుకుంటాయి. ఒకే ఫోన్ కెమెరా చెప్పే లెంగ్త్‌ను అంత గట్టిగా నమ్మలేము. ఫోన్ మీద అనుమానం ఉంటే టేపుతో వికెట్ల నుంచి 6, 8 మీటర్లు కొలిచి సున్నంతో గీతలు గీయండి. ఒకరు పక్కన నిలబడి, పిల్లవాడు ముందే చెప్పిన బంతి ఏది, అది గీతల లోపల పడిందా, ముందా, వెనకా అని కాగితం మీద రాసుకోవాలి. ముప్పై బంతులయ్యాక ఫోన్ మ్యాప్‌తో సరిపోల్చండి. రెండూ కలవకపోతే మేమైతే కాగితాన్నే నమ్ముతాము.